శుభ్రంగా కనిపించిన జాలీని నమ్మి ఐదు నెలలు మోసపోయాను: రెండేళ్లు వాడిన మైక్రోఫైబర్ ఫిల్టర్ గురించి

బట్టలు ఉతికేటప్పుడు ఊడే సన్నటి పీచు మురుగులోకి పోకుండా పట్టుకోవడానికి వాషింగ్ మెషీన్ మురికినీటి పైపుకు తగిలించే ఈ ఫిల్టర్‌ను రెండేళ్లుగా వాడుతున్నాను. కొన్న మూడో నెలలో దీన్ని బాగా మెచ్చుకుంటూ ఒక సమీక్ష రాశాను. "నెలకోసారి జాలీ దులిపితే చాలు, ఇంక దీని గురించి ఆలోచించక్కర్లేదు" అన్నాను అందులో. ఆ ముక్క తప్పు. దాన్ని నమ్మి ఎవరైనా కొని ఉంటే, ఈ రెండో సమీక్ష ముఖ్యంగా వాళ్ల కోసమే.

మొదట్లో నాకు అంత ఆనందం ఎందుకు కలిగిందంటే, కళ్లకు కనిపించింది కాబట్టి. పాలిస్టర్, యాక్రిలిక్ లాంటి ప్లాస్టిక్ పోగుల బట్టలు ఉతికిన ప్రతిసారీ సన్నటి పీచు ఊడి నీళ్లతో పోతుందని చదవడం వేరు, నాలుగు లోడ్ల తర్వాత జాలీ మీద బూడిదరంగు నూగు మందంగా పేరుకుని ఉండటం చూడటం వేరు. దాన్ని ఆరబెట్టి వంటింటి తూకం మీద పెడితే వారానికి సుమారు 6 గ్రాములు వచ్చేది. కెనడాలోని పారీ సౌండ్ అనే చిన్న ఊళ్లో 97 ఇళ్లకు ఇలాంటి ఫిల్టర్లు పెట్టి చూసిన అధ్యయనం 2021లో వచ్చింది. అక్కడా ఇంటికి వారానికి సగటున 6.4 గ్రాములు దొరికిందని చదివి, నా ఫిల్టర్ సరిగ్గానే పనిచేస్తోందనుకున్నాను.

తర్వాత్తర్వాత ఆ బరువు తగ్గుతూ వచ్చింది. ఏడాది దాటేసరికి వారానికి 2 గ్రాములు కూడా రావట్లేదు. కొత్త బట్టలు మొదటి కొన్ని ఉతుకుల్లోనే ఎక్కువ పీచు వదులుతాయి, ఆ తర్వాత తగ్గుతుంది. నేనూ చాలాకాలంగా కొత్త బట్టలు కొనలేదు. అందుకే తగ్గిందనుకుని సంతోషించాను. తీసి చూస్తే జాలీ కూడా శుభ్రంగానే ఉండేది.

ఒక ఎర్ర ఫ్లీస్ దుప్పటి వల్ల అసలు సంగతి బయటపడింది. కొత్తది కావడంతో రంగు దిగుతుందేమోనని ఒక్కదాన్నే ఉతికాను. ఆరేస్తుంటే చేతులకు, చొక్కాకు ఎర్ర నూగు అంటుకుంది. ఇంత ఊడుతుంటే ఫిల్టర్ నిండిపోయి ఉంటుందని తెరిచాను. జాలీ మీద ఎరుపు దాదాపు లేదు. మరి ఆ పీచంతా ఎటు పోయింది?

రెండోసారి అదే దుప్పటి ఉతికేటప్పుడు ఫిల్టర్ దాటాక నీళ్లు పడే పైపు చివర పాత నైలాన్ మేజోడును రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండుతో బిగించాను. నీళ్లు వెనక్కి తన్నితే వెంటనే లాగేయాలని పక్కనే నిలబడ్డాను. మీరు చేసినా అలాగే నిలబడండి, వదిలేసి వెళ్లొద్దు. నీళ్లు పోవడం ఆగాక మేజోడు లోపల అంతా ఎర్రటి నూగే. ఫిల్టర్ ఆపాల్సిందంతా దాన్ని దాటుకుని వచ్చేసింది.

కారణం బైపాస్. జాలీ మూసుకుపోతే నీళ్లు వెనక్కి తన్ని మెషీన్ ఆగిపోకుండా, ఇల్లు తడవకుండా, ఫిల్టర్ లోపలే ఒక పక్కదారి తెరుచుకుంటుంది. ఆ ఏర్పాటు అవసరమే, కాదనను. నా కోపమల్లా అది తెరుచుకున్నట్టు తెలిసే గుర్తు ఒక్కటీ లేదని. దీపం లేదు, శబ్దం మారదు, నీళ్లు బయటికి పోవడానికి ఎక్కువ సమయం కూడా పట్టదు. పైగా నీళ్లు జాలీలోంచి వెళ్లవు కాబట్టి జాలీ శుభ్రంగా కనిపిస్తుంది. నేను రాసుకున్న బరువుల లెక్క వెనక్కి తిరగేసి చూస్తే, ఇలా కనీసం ఐదు నెలలు గడిచిపోయాయి.

జాలీ మూసుకుపోయింది పీచుతో కాదు, సాఫ్ట్‌నర్ జిడ్డుతో. బట్టల పోగులకు అంటుకుని పొరలా ఉండిపోవడమే సాఫ్ట్‌నర్ పని. అది జాలీ పోగులకూ అలాగే అంటుకుంది. ఆ పొర కంటికి కనిపించదు. పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది: జాలీని అడ్డంగా పట్టుకుని మగ్గుతో నెమ్మదిగా నీళ్లు పోయండి. బాగుంటే నీళ్లు వెంటనే కారిపోతాయి. నా జాలీ మీద మాత్రం గిన్నెలో పోసినట్టు నిలిచాయి.

గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి గంటసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్దితే దారికొచ్చింది. ఆ నీళ్లను సింకులో పారబోస్తే ఇన్నాళ్లూ పట్టిన పీచు మళ్లీ మురుగులోకే పోతుంది. దట్టమైన గుడ్డలో వడకట్టి పోశాను. మామూలుగా శుభ్రం చేసేటప్పుడూ జాలీని కుళాయి కింద పెట్టకూడదు. పూర్తిగా ఆరనిస్తే నూగు దళసరి గుడ్డ ముక్కలా ఊడి వస్తుంది. దాన్ని కవర్లో కట్టి చెత్తలో వేస్తున్నాను. సాఫ్ట్‌నర్ మానేశాను. మరుసటి వారమే నూగు 7 గ్రాములు తూగింది.

అలాగని ఆ 7 గ్రాములూ ప్లాస్టిక్ కాదు. మొదటి సమీక్షలో నేను అలాగే అనిపించేలా రాశాను, అదీ సరికాదు. ఆరిన నూగును పట్టకారుతో పట్టుకుని నిప్పు చూపిస్తే కొంత కాగితంలా కాలి బూడిదైంది, కొంత కరిగి గట్టి నల్లపూసలా అయింది. బూడిదైంది నూలు, పూసకట్టింది పాలిస్టర్. మా బట్టల్లో నూలువే ఎక్కువ.

ఎంత బాగా ఉన్నా జాలీ అన్నింటినీ ఆపలేదు. పోగు మందం చాలావరకు 10 నుంచి 20 మైక్రాన్లే కాబట్టి, నిలువుగా వచ్చినది కన్నంలోంచి జారిపోగలదు. జాలీ మీద కాస్త నూగు పేరుకున్నాక ఆ నూగే సన్నవాటినీ పట్టుకుంటుంది. కాబట్టి ప్రతి ఉతుకు తర్వాతా దులపడం కూడా మంచిది కాదు. నేనైతే ఆరు లోడ్లకోసారి దులిపి, అప్పుడే మగ్గు పరీక్ష చేస్తున్నాను.

ఫిల్టర్ వరకూ రాకముందే తగ్గించే సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ దుప్పటిని నాజూకు బట్టల ప్రోగ్రామ్ మీద ఉతికాను, సున్నితంగా ఉంటుందని. న్యూకాజిల్ యూనివర్సిటీ వాళ్లు 2019లో చూపించింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఆ ప్రోగ్రామ్ ఎక్కువ నీళ్లు తీసుకుంటుంది, బట్టల బరువుతో పోలిస్తే నీళ్లు ఎంత ఎక్కువైతే పీచు అంత ఎక్కువ ఊడుతుంది. ఇప్పుడు దుప్పటిని మిగతా సింథటిక్ బట్టలతో కలిపి, డ్రమ్ము నిండేలా, చల్లటి నీళ్లలో అరగంట ప్రోగ్రామ్ మీద ఉతుకుతున్నాను. మరకలు ఉంటే మాత్రం ఇది చాలదు, ముందే చేత్తో రుద్దాలి.

కొనమంటానా అంటే, అది మీ ఇంటిని బట్టి ఉంటుంది. మా మెషీన్ వెనక చేయి పట్టేంత చోటు ఉంది, ఆరు లోడ్లకోసారి తెరిచే ఓపిక నాకుంది. మెషీన్ గోడకు ఆనుకుని ఉంటే, తెరవడం నెలలకొద్దీ వాయిదా పడేలా ఉంటే, సింథటిక్ బట్టలు వేసి జిప్ పెట్టే సన్నటి జాలీ సంచి మేలనిపిస్తుంది. 2020లో ప్లిమత్ యూనివర్సిటీ పరీక్షల్లో అన్నిటికంటే మెరుగైన ఫిల్టర్ పీచును 78 శాతం తగ్గిస్తే, సంచి 54 శాతం తగ్గించింది. కానీ ఆ 78 శాతం జాలీ మూసుకుపోనంతవరకే. నేనైతే దీన్నే ఇంకా వాడతాను. బైపాస్ తెరుచుకుంటే బయటికి కనిపించేలా పారదర్శకమైన మూత ఉన్న మోడల్ దొరికిన రోజు మాత్రం దీన్ని మార్చేస్తాను.