క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా: నాలుగేళ్లు పని చేశాక నా సమీక్ష

బీఫార్మసీ అయ్యాక హైదరాబాద్‌లో ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ డిప్లొమా చేశాను. ఫీజు 60 వేలు. నాలుగేళ్లుగా ఒక ఆసుపత్రిలో మందుల ట్రయల్స్ కోఆర్డినేటర్‌గా పని చేస్తున్నాను. ఆ డిప్లొమా నాకు ఈ రంగంలో వాడే మాటలు నేర్పింది, పని మాత్రం నేర్పలేదు.

ఇంటర్వ్యూలో ట్రయల్ ఫేజ్‌ల గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఒక కాగితం ఇచ్చారు. పేషెంట్ డే 1 మార్చి 4. డే 28 విజిట్, మూడు రోజులు అటూ ఇటూ ఉండొచ్చు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రమ్మంటావు? నేను 4కి 28 కలిపి ఏప్రిల్ 1 అన్నాను. తప్పు. మొదలైన రోజే డే 1 కాబట్టి డే 28 అంటే మార్చి 31. విండో మార్చి 28 నుంచి ఏప్రిల్ 3 దాకా. నా లెక్క నమ్మి పేషెంట్ ఏప్రిల్ 4న వస్తే అది ప్రొటోకాల్ డీవియేషన్, అంటే ట్రయల్ ఎలా నడపాలో రాసిన పత్రాన్ని తప్పడం. కొన్ని ప్రొటోకాల్స్‌లో మొదలైన రోజునే డే 0 అంటారు, అప్పుడు నా లెక్కే సరైనది. అందుకే ముందు ప్రొటోకాల్‌లోని విజిట్ షెడ్యూల్ చదవాలి. ఆరు నెలల్లో మా చేత ఒక్క ప్రొటోకాల్ కూడా చదివించలేదు.

ఇక కన్సెంట్, అంటే ట్రయల్‌లో చేరడానికి పేషెంట్ ఒప్పుకుని సంతకం పెట్టడం. చదువు రాని పేషెంట్ అయితే వేలిముద్రతో పాటు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి కావాలి. ఆ సాక్షి చివర్లో వచ్చి సంతకం పెట్టి పోతే చాలదు, వివరించినంతసేపూ పక్కనే ఉండాలి. చేరిన కొత్తలో ఒక ఫైల్ చూశాను. రక్తం తీసిన టైమ్ 9:40, కన్సెంట్ టైమ్ 10:05. సంతకాలన్నీ ఉన్నాయి, కానీ పేషెంట్ ఒప్పుకోకముందే సూది గుచ్చారన్నమాట. ట్రయల్ చేయించే కంపెనీ తరఫున ఫైళ్లు తనిఖీ చేసే మానిటర్ వచ్చి మొదట చూసేది ఈ రెండు టైమ్‌లనే. తర్వాత టైమ్ దిద్దితే ఇంకా పెద్ద తప్పవుతుంది. జరిగింది జరిగినట్టే రాసి, ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి.

ప్లాసిబో గురించి తెలుగులో చెప్పడం కూడా ఏ క్లాసులోనూ రాలేదు. ఒక పెద్దావిడ, "మందు లేని మాత్ర ఇస్తే నా జబ్బు ముదిరిపోదా నాయనా?" అని అడిగింది. ఇలాంటి ప్రశ్నకు డాక్టరు గారే జవాబు చెప్పాలి. కానీ ఆమె అడిగింది ఆయన దాకా చేర్చాల్సింది మనమే.

సర్టిఫికెట్లలో ట్రయల్ జరిగే ప్రతి సైట్‌లోనూ తప్పకుండా అడిగేది జీసీపీ ఒక్కటే, అంటే ట్రయల్స్ పద్ధతిగా నడిపే నియమాలు నేర్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ కోర్సుది. జీసీపీ కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగా కూడా చేసుకోవచ్చు. డిప్లొమాకి డబ్బు కట్టేముందు ఇన్‌స్టిట్యూట్‌ని రెండు విషయాలు అడగండి. నిజమైన సైట్‌లో ఎన్ని రోజులు కూర్చోబెడతారు? విజిట్‌లో జరిగింది అప్పటికప్పుడు రాసే సోర్స్ నోట్స్ మా చేత రాయించి దిద్దుతారా? మా ఇన్‌స్టిట్యూట్ ఈ రెండూ చేయలేదు. సోర్స్ నోట్‌లో తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా, ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ వేయాలని నాకు చెప్పింది మా సీనియర్ అక్క, చేరిన రెండో రోజున.