రాన్సమ్‌వేర్ పడితే: డబ్బు కట్టడమా, బ్యాకప్ ఎక్కించడమా, మళ్లీ మొదటి నుంచా?

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీని ఉదాహరణగా తీసుకుందాం. మార్చి నెల, సరుకు జోరుగా వస్తోంది. శుక్రవారం ఉదయం 7:40కి గుమాస్తా కంప్యూటర్ తెరిస్తే ఏ ఫైలూ తెరుచుకోలేదు. ట్యాలీ లెక్కలు, ఏ రైతువి ఏ ఛాంబర్లో ఎన్ని టిక్కీలున్నాయో చెప్పే బాండ్ల వివరాలు, అన్నీ లాక్ అయ్యాయి. 18 లక్షలు బిట్‌కాయిన్‌లో పంపమని స్క్రీన్ మీద నోట్ ఉంది. ఆఫీసులోనే ఉన్న బ్యాకప్ డ్రైవ్ కూడా లాక్ అయింది. బుధవారం సాయంత్రం యజమాని ఇంటికి తీసుకెళ్లిన హార్డ్‌డిస్క్ ఒక్కటే బయటపడింది.

ముందు డబ్బు కట్టే దారి చూద్దాం. తాళంచెవి వస్తే గంటల్లో పని మొదలవుతుందన్న ఆశే మనిషిని అటు లాగుతుంది. 2021లో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థ 75 బిట్‌కాయిన్లు కట్టింది. బదులుగా వచ్చిన డిక్రిప్టర్, అంటే లాక్ అయిన ఫైళ్లను తెరిచే ప్రోగ్రామ్, ఎంత నెమ్మదంటే, చివరికి సొంత బ్యాకప్‌ల మీద కూడా ఆధారపడాల్సి వచ్చింది. పైగా దొంగ లోపలికి వచ్చిన దారి, ఇంటి నుంచి పని చేయడానికి తెరిచి ఉంచిన రిమోట్ డెస్క్‌టాప్ లాంటిది, డబ్బు కట్టినా మూసుకోదు. అంటే డబ్బు కట్టినా సర్వర్‌ను మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోక తప్పదు. డేటా ఎక్కడా మిగలకపోతేనే ఈ దారి గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు nomoreransom.org లో ఉచిత డిక్రిప్టర్ ఉందేమో చూసుకోవాలి.

బ్యాకప్ ఎక్కించడం చవక, కానీ ఇందులో ఒక మెలిక ఉంది. దొంగ గురువారం రాత్రే తాళం వేసినా, లోపలికి వారాల ముందే వచ్చి ఉండొచ్చు. మొత్తం సర్వర్ ఇమేజ్‌ను, అంటే విండోస్‌తో సహా డిస్క్ అంతటి నకలును, వెనక్కి ఎక్కిస్తే వాడు పెట్టిన దొంగ ఖాతా కూడా తిరిగొస్తుంది. మొత్తం మొదటి నుంచి కట్టుకోవడంలో ఆ భయం లేదు గానీ, సీజన్లో లక్షల టిక్కీల వివరాలు కాగితం బాండ్లు చూసి కొట్టడమంటే నెలల పని.

అందుకే ఇక్కడ నా ఓటు రెండూ కలిపిన దారికే. విండోస్, సాఫ్ట్‌వేర్ కొత్త డిస్క్ మీద మొదటి నుంచి వేసి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, బ్యాకప్ నుంచి డేటా ఫోల్డర్లను మాత్రమే స్కాన్ చేసి తెచ్చుకోవాలి. ఇక పోయింది గురువారం నమోదులే. వాటి కాగితం చీటీలు 640 అనుకుంటే, చీటీకి రెండు నిమిషాల చొప్పున ఇద్దరికి దాదాపు 11 గంటల పని. 18 లక్షల పక్కన ఈ 11 గంటలు పెట్టి చూస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

అయితే లాక్ అయిన పాత డిస్క్‌ను తుడిచెయ్యకూడదు. తొందరలో చాలామంది చేసేది అదే. ముందు దాని పూర్తి కాపీ తీసి, కాపీకి హ్యాష్, అంటే ఫైలు కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య, రాసిపెట్టాలి:

```
Get-FileHash E:\server.img -Algorithm SHA256
```

రేపు కోర్టుకు వెళ్తే, భారతీయ సాక్ష్య అధినియం 2023లోని సెక్షన్ 63 కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హ్యాష్ అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, గమనించిన 6 గంటల్లోపు, అంటే ఇక్కడ మధ్యాహ్నం 1:40 లోపు, incident@cert-in.org.in కు తెలియజేయాలి. పోలీసు ఫిర్యాదుకు 1930, cybercrime.gov.in ఉన్నాయి.

ఇక నిర్ణయం రాసిపెట్టడం. దీన్ని పని అయ్యాక తీరిగ్గా రాస్తే విలువ పోతుంది, ఏ గంటకు ఆ గంటే రాయాలి. "9:15. ఆఫీసు బ్యాకప్ లాక్ అయింది, చూసింది అకౌంటెంట్. ఇంటి డిస్క్ ఇంకా పరీక్షించలేదు. డేటా బయటికి పోయిందో లేదో తెలియదు." ఇలా తెలిసింది, తెలియనిది విడివిడిగా ఉండాలి. "11:30. ఇంటి డిస్క్ వేరే కంప్యూటర్లో తెరుచుకుంది, బుధవారం నిల్వ కాగితంతో సరిపోయింది. డబ్బు కట్టవద్దని నిర్ణయం: యజమాని." తర్వాత అభిప్రాయం మారితే పాత వాక్యం కొట్టెయ్యకుండా కింద కొత్త వాక్యం రాయాలి. కొట్టేసిన చోటే అవతలి లాయర్ వేలు పెడతాడు.

సైబర్ బీమా ఉంటే ఆ బీమా వాళ్లకు మాత్రం నిర్ణయం కంటే ముందే ఫోన్, వెంటనే మెయిల్ వెళ్లాలి. వాళ్ల రాతపూర్వక అంగీకారం లేకుండా కట్టిన డబ్బు చాలా పాలసీల్లో తిరిగి రాదు. దాడి చేసిన ముఠా ప్రభుత్వాల ఆంక్షల జాబితాలో ఉంటే అంగీకారమే రాకపోవచ్చు. పాలసీ తీసుకునేటప్పుడు "రెండంచెల లాగిన్ ఉంది" అని టిక్ పెట్టి నిజంగా పెట్టుకోకపోతే ఆ కాగితమే ముందు బయటికి తీస్తారు, కాబట్టి లాయర్‌కు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. బిల్లుల్లో కూడా పాత స్థితికి తెచ్చిన ఖర్చు వేరు, కొత్తగా కొన్న మెరుగైన సర్వర్ ఖర్చు వేరుగా తీసుకోవాలి. రెండోది సాధారణంగా క్లెయిమ్‌లోకి రాదు, రెండూ ఒకే బిల్లులో ఉంటే సర్వేయర్ మొదటిదాన్ని కూడా ప్రశ్నిస్తాడు.