లైవ్ టైటిల్: అలాగే ఉంచాలా, రీప్లేకి మార్చాలా?

యూట్యూబ్‌లో ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల లైవ్ షెడ్యూల్ చేస్తున్నారనుకుందాం. "ఈరోజు రాత్రి 7కి లైవ్: మీ సందేహాలు అడగండి" అన్న టైటిల్ వెయిటింగ్ రూమ్‌కి చక్కగా సరిపోతుంది. డిస్క్రిప్షన్‌లో ప్రశ్నలు ఎలా పంపాలో, ఏ ర్యాంకు వివరాలు రాయాలో చెబితే చాలు. టైమ్ రాస్తే పక్కన "భారత కాలమానం" అనండి. కౌంట్‌డౌన్ చూసేవారి టైమ్‌కి మారుతుంది, మీరు రాసింది మారదు.

లైవ్ అయ్యాక ఆ టైటిల్‌నే ఉంచేస్తే పని ఉండదు. కానీ మర్నాడు వెతికేవారికి "ఈరోజు" అర్థంలేని మాట, విషయం పేరే కనబడదు.

మార్చడమే మేలు. లింకు, కామెంట్లు అలాగే ఉంటాయి. "వెబ్ ఆప్షన్లు: కాలేజీల వరుస ఎలా పెట్టాలి" అనండి. మొదట్లోని ఖాళీ నిమిషాలు ముందే ట్రిమ్ చేసి, ఆ తర్వాతే 00:00తో మొదలుపెట్టి కనీసం మూడు చాప్టర్లు రాయండి. వరుస తిరగేస్తే ప్రతి టైమూ తప్పుతుంది.