పెట్రోల్ లెక్కకు ఏది మేలు: పుస్తకమా, యాపా, షీటా?

కోనసీమలో బండి నడిపేవాళ్ల పెట్రోల్ లెక్కకు యానాం ఒక మెలిక పెడుతుంది. ఎదుర్లంక వారధి దాటగానే పుదుచ్చేరి పన్ను మొదలవుతుంది, లీటరుకు పది రూపాయలకు పైగా తగ్గుతుంది. అందుకే అటు పని పడ్డవాళ్లు ఇక్కడ అవసరానికి రెండొందలకి కొట్టించుకుని, అక్కడికి వెళ్లాక ట్యాంకు నింపుకుంటారు. ఒకే ట్యాంకులో రెండు ధరల పెట్రోల్, అందులో సగం సగం నింపుడు. లెక్క రాసుకునే పద్ధతి ఏదైనా సరే, ఈ పరిస్థితిని తట్టుకోగలదా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

ఒక 125 సీసీ బైకు తీసుకుందాం. ధరలు లెక్క కోసం వేసుకున్నవి: అమలాపురం వైపు లీటరు 109, యానాంలో 96.

మొదట అమలాపురంలో ఫుల్ ట్యాంక్ చేయించినప్పుడు రీడింగ్ 18,240. ఈ నింపులో ఎన్ని లీటర్లు పట్టాయో మైలేజీకి అక్కర్లేదు. ఆ పెట్రోల్ అంతకుముందు నడిచిన దూరానిది. ఇక్కడి నుంచి లెక్క మొదలవుతుంది, అంతే. తర్వాత ముమ్మిడివరంలో 18,425 దగ్గర 200 రూపాయలకి 1.83 లీటర్లు. ఆ తర్వాత యానాంలో 18,590 దగ్గర మళ్లీ ఫుల్, 5.17 లీటర్లు, 496 రూపాయలు.

ఫుల్ నుంచి ఫుల్‌కి నడిచింది 350 కిలోమీటర్లు, మధ్యలో పోసింది మొత్తం 7 లీటర్లు. మైలేజీ 50. ఖర్చు 696 రూపాయలు, అంటే కిలోమీటరుకు 1.99.

ఇప్పుడు ఇదే లెక్క ఎక్కడ చెడుతుందో చూడండి. మధ్యలో కొట్టించిన రెండొందలు రాయడం మరిచిపోతే 350ని 5.17తో భాగిస్తాం, మైలేజీ 67 దాటుతుంది. దాన్ని కూడా ఫుల్ అని రాస్తే మొదటి ముక్కకు 101, రెండో ముక్కకు 32 వస్తాయి. బండికి ఏమైందో అని మెకానిక్ దగ్గరికి పరుగెత్తేది ఇలాంటి 32 చూసే. పక్కపక్క నింపుల్లో ఒకటి ఆకాశంలో, ఒకటి పాతాళంలో కనిపిస్తే బండిని కాదు, రాతను అనుమానించాలి.

ఖర్చు విషయంలోనూ అంతే. ఏడు లీటర్లనూ ఇవాళ్టి ధరతో గుణించడం చాలామందికి అలవాటు. 109తో గుణిస్తే కిలోమీటరుకు 2.18, 96తో అయితే 1.92. రెండూ తప్పే. బంకులో ఇచ్చిన డబ్బునే కూడాలి. సరైన అంకె చేతిలో ఉంటే ఒక సందేహం కూడా తీరుతుంది: పెట్రోల్ కోసమే అమలాపురం నుంచి యానాం వెళ్లడం గిట్టుబాటా? 8 లీటర్లకు లీటరుకు 13 చొప్పున మిగిలేది 104 రూపాయలు. రానూ పోనూ 60 కిలోమీటర్లు వేసుకున్నా పెట్రోల్‌కే 120 అవుతుంది. వేరే పని ఉండి వెళ్తేనే లాభం.

ఇక పుస్తకం సంగతి. బండిలో పెట్టుకునే చిన్న నోట్‌బుక్‌కి ఛార్జింగ్ అక్కర్లేదు, ఎవరు నడిపినా రాయగలరు. రావులపాలెం వైపు గూడ్స్ ఆటో ఒకటే, నడిపేవాళ్లు ఇద్దరు ముగ్గురు అన్నచోట దీన్ని మించింది లేదు. దీని బలహీనత ఏమిటంటే, మనవాళ్లు రూపాయలు రాసి లీటర్లు వదిలేస్తారు. ఒకే ఊరి ధర అయితే తర్వాత భాగించి రాబట్టుకోవచ్చు, యానాం కలిసిందంటే అది కుదరదు. రీడింగ్, లీటర్లు, రూపాయలు, ఫుల్ అయితే ఒక టిక్కు. ఈ నాలుగూ ఉండాల్సిందే. ట్రిప్ మీటర్ కాదు, ఓడోమీటరే రాయాలి. ట్రిప్ మీటర్‌ని ఎవరో ఒకరు సున్నా చేస్తారు, అంతటితో గొలుసు తెగిపోతుంది.

యాప్‌లో ఆ లెక్కంతా అదే చేసుకుంటుంది. కానీ దించుకునే ముందు రెండు సంగతులు చూడాలి: నింపు రాసేటప్పుడు ఫుల్ ట్యాంకా కాదా అని అడుగుతోందా, మధ్యలో ఒక నింపు రాయలేదని చెప్పే వీలుందా. రెండోది ఎందుకంటే, ఎవరైనా బండి తీసుకెళ్లి పెట్రోల్ పోయించి మనకు చెప్పకపోతే తర్వాతి ఫుల్‌కి మైలేజీ వంద దాకా చూపిస్తుంది. ఆ లీటర్లు ఊహించి వేయకూడదు. ఆ ముక్కను లెక్కలోంచి తీసేసి, ఆ ఫుల్ నుంచి కొత్తగా మొదలుపెట్టాలి. ఈ వెసులుబాటు లేని యాప్‌లో ఒక్క తప్పు సగటు మొత్తాన్ని పాడుచేస్తుంది. ఫోన్ మారినప్పుడు పాత రాతలు బయటికి తీసుకునే వీలు కూడా ఉండాలి.

గూగుల్ షీట్స్‌లో మనమే తయారుచేసుకుంటే ఆ తప్పు కళ్లకు కనబడుతుంది, అదే దాని గొప్ప. A తేదీ, B రీడింగ్, C లీటర్లు, D రూపాయలు, E ఫుల్ అయితే 1. రెండో వరుసలో మొదటి ఫుల్ ఉంటుంది. మూడో వరుస నుంచి ఇవి:

```
F3: =IF(E2=1,0,F2)+C3
G3: =IF(E2=1,0,G2)+B3-B2
H3: =IF(E2=1,0,H2)+D3
I3: =IF(E3=1,G3/F3,"")
J3: =IF(E3=1,H3/G3,"")
```

F లీటర్లు, G దూరం, H డబ్బు పోగేస్తూ పోతాయి. ఫుల్ దాటగానే మళ్లీ మొదటికొస్తాయి. I మైలేజీ, J కిలోమీటరు ఖర్చు, రెండూ ఫుల్ వరుసలోనే కనిపిస్తాయి. సఖినేటిపల్లి రేవులో పంటుకి ఇచ్చిన డబ్బు, పంక్చరు, టైర్లు ఈ D లో కలపకండి, వేరే పేజీలో రాసుకోండి. బంకు దగ్గర ఎండలో నిలబడి చిన్న గడుల్లో అంకెలు కొట్టడం మాత్రం చికాకే.

ఏ పద్ధతిలోనైనా ఒక్క ట్యాంకు మైలేజీని నమ్మి నిర్ణయాలు తీసుకోవద్దు. బండి సైడ్ స్టాండ్ మీద వంగి ఉన్నా, గన్ ఆగాక ఇంకాస్త పోయించినా పావు లీటరు తేడా వస్తుంది. ఏడు లీటర్లలో అది దాదాపు రెండు కిలోమీటర్ల మైలేజీ. ప్రతిసారీ సెంటర్ స్టాండ్ వేసి, గన్ మొదటిసారి ఆగినప్పుడే చాలనండి. మూడు నాలుగు ఫుల్‌ల దూరం కలిపి, లీటర్లు కలిపి భాగిస్తే మిగతా తేడా సర్దుకుంటుంది.

సర్వీసింగ్ గుర్తుచేయడంలో యాప్‌దే పైచేయి. మాన్యువల్‌లో 3,000 కిలోమీటర్లకని ఉండి, కిందటి సర్వీసు 15,900 దగ్గర అయితే మళ్లీ 18,900కి. మన బండి 18,590లో ఉంది, ఇంకా 310. రోజుకు 35 తిరిగితే తొమ్మిది రోజులు కూడా లేదు. అయితే యాప్‌కి మనం రాసినప్పుడే రీడింగ్ తెలుస్తుంది. ఫుల్‌కీ ఫుల్‌కీ మధ్య 350 నడిచే బండికి, 100 కిలోమీటర్ల ముందు చెప్పమంటే అది చెప్పేసరికి గడువు దాటిపోవచ్చు. 500 ముందు చెప్పమనాలి. దూరంతో పాటు తేదీ కూడా పెట్టాలి. వరదకు లంకల్లో కాజ్‌వే మునిగి బండి వారాల తరబడి కదలకపోతే దూరం పెరగదు, ఇంజిన్ ఆయిల్ వయసు మాత్రం పెరుగుతుంది.

ఒక్క బండి, ఒక్కరే నడిపేదైతే ఆ రెండు వెసులుబాట్లూ ఉన్న యాప్ మేలు. చేతులు మారే బండికి పుస్తకం బండిలోనే ఉండాలి. యజమాని వారానికోసారి ఆ పేజీ చూసి షీట్‌లోకి ఎక్కించుకుంటే చాలు. ఎక్కించేటప్పుడు ముందు రీడింగ్‌లు వరసగా పెరుగుతున్నాయా చూసుకుని, ఆ తర్వాత టిక్కులు చూడాలి. అనుమానం ఉన్న ఫుల్‌ని ఫుల్ కాదనే రాయండి. తర్వాతి ఫుల్ దాకా ఆగితే లెక్క దానంతటదే సరిపోతుంది.