బీపీకి, గుండె దడకి ఏది మేలు: ఉత్త క్రియేటినా, క్రియేటిన్ కలిసిన ప్రీవర్కౌటా?

కర్నూలులో మా జిమ్‌కి సాయంత్రం ఆరింటికి వచ్చే తమ్ముడొకడున్నాడు. వయసు ఇరవై ఆరు, ఏ జబ్బూ లేదు. పోయిన ఎండాకాలం ఒకరోజు చీటీ చూపించాడు. బీపీ 148/92.

"అన్నా, క్రియేటిన్ మొదలుపెట్టి ఇరవై రోజులైంది. రాత్రి పండుకుంటే గుండె దడదడ కొట్టుకుంటాంది. నిలిపేయాల్నా?"

వాడేవన్నీ తెమ్మన్నాను. రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకటి ఉత్త క్రియేటిన్ మోనోహైడ్రేట్, రోజుకు 5 గ్రాములు. రెండోది ప్రీవర్కౌట్. వెనక లేబుల్ చదివితే ఒక స్కూప్‌లో క్రియేటిన్ 2 గ్రాములు, కెఫీన్ 300 మిల్లీగ్రాములు. రెండింటినీ అతను "క్రియేటిన్" అనే అంటున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది.

క్రియేటిన్ తింటే నీరు పడుతుంది, బరువు కిలో రెండు కిలోలు పెరుగుతుంది. నీరు పడితే బీపీ పెరగదా అని చాలామంది అడుగుతారు. ఉప్పు ఎక్కువైతే నిలిచే నీరు కణాల బయట, రక్తంలో చేరుతుంది. అందుకే బీపీ ఎగబాకుతుంది. క్రియేటిన్ గుంజుకునే నీరు ఎక్కువగా కండ కణం లోపలికి పోతుంది. రోజుకు 20 గ్రాముల చొప్పున ఐదు రోజులు లోడింగ్ చేయించి ఆరోగ్యవంతులైన ఆడవాళ్లకూ మగవాళ్లకూ బీపీ చూసిన అధ్యయనం 2000లోనే వచ్చింది. మార్పు కనిపించలేదు. మనం వాడే 3 నుంచి 5 గ్రాములు అందులో నాలుగో వంతుకు మించదు.

లయ సంగతికొస్తే, క్రియేటిన్ వాడుతున్న ముప్పై ఏళ్ల మనిషికి గుండె లయ తప్పిందని 2005లో ఒక కేసు నమోదైంది. ఒక్క మనిషి కథతో కారణం తేలదు. పరీక్షలు చాలామటుకు కొద్దిమందితో, కొద్ది వారాలు చేసినవి కాబట్టి, చాలా అరుదైన ఇబ్బంది ఏదైనా ఉంటే అవి పట్టుకోలేవు కూడా. అయినా క్రియేటిన్ ఉత్తేజకం కాదు, గుండెను ఉరికించే పని అది చేయదు.

కెఫీన్ చేస్తుంది. బీపీని కొన్ని గంటలు పెంచుతుంది, అలవాటు లేనివాళ్లకు మరీ. ఒంట్లో సగం తగ్గడానికి దానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి 300 తాగితే రాత్రి పదకొండుకి ఇంకా 150 మిగిలి ఉంటుంది, అంటే ఒకటిన్నర కప్పు గట్టి కాఫీ తాగి పండుకున్నట్టు. అతనికి దడ వచ్చేది సరిగ్గా ఆ వేళకే.

ఇక ఆ 148. జిమ్ నుంచి నేరుగా మందుల షాపుకి పోయి చూపించుకున్నాడు. అతని చేతి చుట్టుకొలత టేపు పెట్టి కొలిస్తే 39 సెంటీమీటర్లు. మామూలు మిషన్ పట్టీ మీద 22–32 అని రాసి ఉంటుంది. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే బీపీ లేనంత ఎక్కువ చూపిస్తుంది. కండ పెంచినవాళ్లు ఇందులో ఊరికే భయపడిపోతుంటారు.

పది రోజులు ప్రీవర్కౌట్ ఆపమన్నాను, క్రియేటిన్ మాత్రం ఆపొద్దన్నాను. పెద్ద పట్టీ ఉన్న మిషన్‌తో, పొద్దున్నే మూత్రానికి పోయొచ్చి, టీ తాగకముందే, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోమన్నాను. పది రోజుల సగటు 122/76. నాలుగో రాత్రికే దడ పోయింది. తగ్గిన దాంట్లో కెఫీన్ వాటా ఎంత, పట్టీ వాటా ఎంత అని విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి మార్చాం. కానీ క్రియేటిన్ ఆ పది రోజులూ ఒంట్లోనే ఉంది.

ముందు క్రియేటిన్ ఆపి చూడొద్దన్నది ఇందుకే. నిలిపినా కండల్లో నిల్వ తగ్గడానికి నాలుగైదు వారాలు పడుతుంది. రెండు రోజులు ఆపగానే దడ తగ్గితే, తగ్గించింది అది కాదు.

బీపీ, దడ లెక్కలో నా ఓటు ఉత్త క్రియేటిన్‌కే, రోజుకు 3 నుంచి 5 గ్రాములు, లోడింగ్ లేకుండా. ప్రీవర్కౌట్‌లో క్రియేటిన్ చాలామటుకు అంతకన్నా తక్కువే ఉంటుంది. దాన్ని అందుకోవాలని రెండో స్కూప్ వేస్తే కెఫీన్ కూడా రెండింతలవుతుంది, పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద చెప్పే 400 హద్దు దాటిపోతుంది. హుషారు కావాలంటే పొద్దున జిమ్‌కి పోయే ముందు ఒక కాఫీ చాలు.

ఇదంతా ఏ జబ్బూ లేనివాళ్ల మాట. ఇంతకుముందే బీపీ, కిడ్నీ, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడక్కుండా డబ్బా తెరవొద్దు. పెద్ద పట్టీతో వారం పాటు చూసినా 135/85 దాటుతుంటే, ప్రీవర్కౌట్ ఆపినా దడ పోకుంటే డాక్టరుకు చూపించుకోండి. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయి ఉన్నా, ఆ రోజు నుంచే బరువులు ఆపి ఈసీజీ తీయించుకోండి.