స్వాప్ సీవీఏ లెక్కకు ఏది మేలు: గత రికార్డు చెప్పే డిఫాల్ట్ సంభావ్యతా, మార్కెట్ స్ప్రెడ్ చెప్పేదా?

హైదరాబాద్ రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లోని బ్యాంకుల రిస్క్ విభాగాల్లో పనిచేసేవారికి సీవీఏ, అంటే క్రెడిట్ వాల్యుయేషన్ అడ్జస్ట్‌మెంట్, కొత్త మాట కాదు. స్వాప్ అంటే రెండు పక్షాలు స్థిర, ఫ్లోటింగ్ వడ్డీలను మార్చుకునే ఒప్పందం. అందులో మనకు డబ్బు రావలసి ఉన్న సమయంలో ఎదుటి పక్షం చేతులెత్తేస్తే కలిగే నష్టపు నేటి అంచనా విలువే అది. సూత్రం చిన్నదే కాబట్టి దాని మీద పెద్దగా వివాదం ఉండదు. అందులోని డిఫాల్ట్ సంభావ్యతను ఎక్కడినుంచి తీసుకోవాలన్న చోటే ఇద్దరు అనుభవజ్ఞులు రెండు భిన్నమైన జవాబులు చెబుతారు, ఇద్దరి అంకెల మధ్య అయిదారు రెట్ల తేడా వస్తుంది.

```
CVA = LGD × Σ DF(t) × EE(t) × PD(t)
```

ఇందులో LGD డిఫాల్ట్ జరిగితే పోయే శాతం, DF భవిష్యత్తు మొత్తాన్ని నేటి విలువకు తగ్గించే గుణకం, EE అంచనా ఎక్స్‌పోజర్, PD ఆ కాలంలో డిఫాల్ట్ సంభావ్యత. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. జీడిమెట్లలో బల్క్ డ్రగ్స్ తయారుచేసే ఒక కంపెనీకి ఫ్లోటింగ్ వడ్డీ అప్పు ఉంది. వడ్డీ పెరుగుతుందన్న భయంతో అది బ్యాంకుతో 100 కోట్ల రూపాయల మీద అయిదేళ్ల స్వాప్ చేసుకుని, 6 శాతం స్థిర వడ్డీ కట్టి, మార్కెట్‌తో మారే ఫ్లోటింగ్ వడ్డీ పుచ్చుకుంటుంది. పూచీగా ఎలాంటి కొలాటరల్ పెట్టదు. వడ్డీ రేట్లు పడిపోతే స్వాప్ విలువ బ్యాంకు వైపు మొగ్గుతుంది కాబట్టి, ఆ సమయంలో కంపెనీ కూలితే నష్టం బ్యాంకుదే.

అంచనా ఎక్స్‌పోజర్ అంటే స్వాప్ విలువ బ్యాంకుకు అనుకూలంగా ఉన్న స్థితులను మాత్రమే ఆ విలువతో, మిగిలినవాటిని సున్నాగా లెక్కించి తీసిన సగటు. వడ్డీ రేటు ఏడాదికి 100 బేసిస్ పాయింట్ల, అంటే ఒక శాతం, ప్రామాణిక విచలనంతో కదులుతుందనీ, వడ్డీ వక్రరేఖ 6 శాతం దగ్గర చదునుగా ఉందనీ అనుకుంటే, ఒక్కో సంవత్సరం మధ్యలో ఈ సగటు వరుసగా 1.11, 1.54, 1.46, 1.07, 0.42 కోట్లు వస్తుంది. మొదట్లో కాలంతోపాటు అనిశ్చితి పెరుగుతూ ఎక్స్‌పోజర్‌ను పైకి తీసుకుపోతుంది, తరువాత మిగిలిన చెల్లింపులు తగ్గిపోతూ దాన్ని కిందికి దించుతాయి. నేటి విలువకు తగ్గించి చూస్తే ఇవి 1.08, 1.41, 1.26, 0.87, 0.32 కోట్లు. ఇంతవరకూ రెండు పద్ధతులకూ ఇదే లెక్క.

మొదటి పద్ధతి గత రికార్డును నమ్ముతుంది. ఈ రేటింగ్ గల కంపెనీలలో ఏడాదికి సగటున 0.5 శాతం డిఫాల్ట్ అయ్యాయని బ్యాంకు రికార్డు చెబుతోందనుకుందాం. డిఫాల్ట్ జరిగితే 60 శాతం నష్టమని తీసుకుంటే సీవీఏ సుమారు 1.47 లక్షల రూపాయలు. రెండవ పద్ధతి మార్కెట్ స్ప్రెడ్‌ను చూస్తుంది. ఇలాంటి కంపెనీ బాండ్ ప్రభుత్వ బాండ్ కంటే 180 బేసిస్ పాయింట్లు ఎక్కువ రాబడి ఇస్తుంటే, 1.80 శాతాన్ని 0.60తో భాగించగా ఏడాదికి 3 శాతం డిఫాల్ట్ తీవ్రత, అంటే అప్పటిదాకా నిలిచిన కంపెనీ కూలే రేటు, వస్తుంది. దాన్నుంచి సంవత్సరాలవారీ సంభావ్యతలు 2.96, 2.87, 2.78, 2.70, 2.62 శాతంగా దిగుతాయి, సీవీఏ సుమారు 8.36 లక్షలు అవుతుంది. అయిదేళ్లకూ పరిస్తే రెండవది ఏడాదికి సుమారు 2 బేసిస్ పాయింట్లు, మొదటిది అందులో ఆరోవంతుకు దగ్గర. అంటే మార్కెట్ పద్ధతి ప్రకారం బ్యాంకు 6 శాతం బదులు 6.02 శాతం కోట్ చేయాలి.

ఇంత తేడాకు కారణం ఇద్దరిలో ఒకరు తప్పు లెక్కించడం కాదు. గత రికార్డు డిఫాల్ట్ ఎంత తరచుగా జరిగిందో చెబుతుంది, స్ప్రెడ్‌లో మాత్రం ఆ సంభావ్యతతోపాటు నష్టాన్ని భరించేవాడు కోరే ప్రతిఫలమూ, బాండ్ త్వరగా అమ్ముడుపోదన్న భయానికి కోరే అదనమూ కలిసి ఉంటాయి. స్వాప్‌ను ఇవాళ మరొక బ్యాంకుకు బదిలీ చేయాలంటే ఆ బ్యాంకు కోరే ధర ఈ రెండవ రకానిదే. న్యాయవిలువను నిష్క్రమణ ధరగా నిర్వచించే భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 113 ఆలోచనా ధోరణి కూడా ఇదే. ధర పెట్టేటప్పుడు నేను మార్కెట్ సంభావ్యతవైపే మొగ్గుతాను. దీనికి చరిత్ర కూడా తోడుంది. 2008 నాటి సంక్షోభంలో కౌంటర్‌పార్టీ నష్టాలలో సుమారు మూడింట రెండు వంతులు సీవీఏ పెరగడంవల్ల వచ్చాయనీ, నిజమైన డిఫాల్ట్‌లవల్ల వచ్చినవి మూడోవంతేననీ బ్యాంకుల నియంత్రణ ప్రమాణాలు రూపొందించే బాసెల్ కమిటీ చెప్పింది. గత సగటు మీద ఆధారపడిన లెక్క ఆ కదలికను పట్టుకోదు, కంపెనీ పడిపోయాక మాత్రమే కదులుతుంది.

మార్కెట్ పద్ధతికి ఇంకొక మేలు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. నష్ట శాతాన్ని 60 బదులు 40గా తీసుకుంటే గత రికార్డు పద్ధతిలో సీవీఏ సరిగ్గా మూడోవంతు తగ్గి 0.98 లక్షలకు చేరుతుంది. మార్కెట్ పద్ధతిలోనైతే అదే 180 పాయింట్లను 0.40తో భాగించినప్పుడు తీవ్రత 4.5 శాతానికి పెరిగి, తగ్గిన నష్టాన్ని దాదాపు పూడ్చేస్తుంది కనుక సీవీఏ 8.11 లక్షల దగ్గరే నిలుస్తుంది. అయితే తీవ్రతను రాబట్టేటప్పుడు వాడిన నష్ట శాతమే సీవీఏలోనూ వాడినప్పుడే ఈ రక్షణ. సంభావ్యత ఒక బృందం నుంచి, నష్ట శాతం మరొక బృందం నుంచి వస్తే 60తో రాబట్టిన 3 శాతానికి 40 తగిలి, అంకె 5.57 లక్షలకు కుంగిపోతుంది. నష్ట శాతాన్ని రెండు చోట్లా ఒకేసారి మార్చి చూసినప్పుడు సీవీఏ పెద్దగా కదిలితే, ఎక్కడో రెండు అంకెలు వేరుపడ్డాయని గ్రహించవచ్చు.

అలాగని మార్కెట్ పద్ధతి ఇక్కడ పూర్తిగా నిలబడేదీ కాదు. రిజర్వ్ బ్యాంకు 2011లో కార్పొరేట్ బాండ్ల మీద సీడీఎస్‌లను, అంటే డిఫాల్ట్ నష్టానికి బీమాలాంటి ఒప్పందాలను, అనుమతించినా మన దేశంలో వాటి వ్యాపారం పలుచనే, జీడిమెట్ల కంపెనీకి కోట్ దొరకడం కల. అందుచేత రేటింగ్‌వారీ స్ప్రెడ్ పట్టిక నుంచి అరువు తెచ్చుకోవాలి, అక్కడ అమ్ముడుపోదన్న భయానికి కోరే అదనం పెద్దదిగా ఉండవచ్చు. 180లో 60 పాయింట్లు అదేననుకుంటే సీవీఏ 5.69 లక్షలకు దిగుతుంది. ఆ 60 అన్న అంకెకు ఆధారం ఏమిటని అడిగితే నేరుగా కొలిచే సాధనం లేదు, ఇక్కడ నిజాయితీగా చేయగలిగింది రెండు అంకెలనూ పక్కపక్కనే రాసి చూపడమే. అయినా పరిమితులు నిర్ణయించడానికీ, ఎంత నగదు నిజంగా పోవచ్చో అంచనా వేయడానికీ గత రికార్డు 1.47 లక్షలే మంచి ఆధారం. దాన్ని ధరగా వాడడం మాత్రం సరికాదు, ఎందుకంటే ఎదుటి బ్యాంకు ఆ ధరకు ఈ స్వాప్‌ను తీసుకోదు.

రెండు పద్ధతులూ ఒకేలా తప్పే చోటు ఒకటుంది. పై సూత్రం ఎక్స్‌పోజర్, డిఫాల్ట్ పరస్పరం సంబంధం లేనివని భావించి రెండింటినీ గుణిస్తుంది. ఈ స్వాప్‌లో బ్యాంకుకు రావలసింది పెరిగేది వడ్డీ రేట్లు పడినప్పుడు, రేట్లు తరచుగా పడేది ఆర్థిక వ్యవస్థ నీరసించినప్పుడు, ఎగుమతుల ఆర్డర్లు తగ్గి కంపెనీలు ఇబ్బందిపడేదీ అప్పుడే. కంపెనీ కూలిన స్థితుల్లో ఎక్స్‌పోజర్ సగటు కంటే ఒకటిన్నర రెట్లు ఉంటుందనుకుంటే, 8.36 లక్షలు 12.5 లక్షలు అవుతాయి. స్ప్రెడ్ అయిదు పాయింట్లు అటా ఇటా అని వాదించుకునే సమయాన్ని నేనైతే ముందు ఈ గుణకం మీద పెడతాను.