‘నిన్న’ ఉంటే ‘హావ్’ తీసెయ్: ఏడేళ్లు వాడాక

ఇంగ్లిష్ మెయిల్లో యెస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో లాంటి మాట కనిపిస్తే క్రియ ముందున్న హావ్ తీసెయ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేడం నా మెయిల్ ఒకటి చూసి చెప్పిన సూత్రం ఇది. బ్రిటన్‌లోని ఒక క్లయింట్‌కు సపోర్ట్ మెయిళ్లు రాయడం నా పని కాబట్టి ఏడేళ్లుగా దీన్ని రోజూ వాడుతున్నాను. వ్యాకరణంలో నాకింత మేలు చేసిన సూత్రం ఇంకొకటి లేదు. అయినా ఒకసారి గట్టిగా దెబ్బ తీసింది. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు మేలు గురించి. నేను అప్పట్లో ‘ఐ హావ్ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే’ అని రాసేవాణ్ని. తప్పని తోచేది కాదు, ఎందుకంటే మనసులో ఉన్న మాట ‘నిన్న పంపించేశాను’. ఆ ‘ఏశాను’లో పని పూర్తయిందన్న ధ్వని ఉంది. దానికి సరిగ్గా సరిపోయేది హావ్ సెంట్ అనిపించేది. తెలుగులో ఆ ధ్వనికీ ‘నిన్న’కూ పేచీ లేదు, ఇంగ్లిష్‌లో ఉంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఎప్పుడూ ఇప్పటి వైపు నిలబడి మాట్లాడుతుంది: రిపోర్ట్ వెళ్లింది, ఇప్పుడు మీ దగ్గర ఉంది, చూసుకోండి. యెస్టర్‌డే అనగానే మాట అయిపోయిన రోజులోకి వెళ్లిపోతుంది. ఒకే క్రియ రెండు చోట్లా నిలబడలేదు. ఎప్పుడు పంపామో ముఖ్యమైతే ‘ఐ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే’. పంపామన్నదే ముఖ్యమైతే ‘ఐ హావ్ సెంట్ ద రిపోర్ట్’, రోజు అక్కర్లేదు.

రెండేళ్లు గడిచేసరికి ఇది చేతివేళ్లకు అలవాటైపోయింది. యెస్టర్‌డే కనిపించగానే, వాక్యం మొత్తం చదవకుండానే, కర్సర్ వెనక్కి వెళ్లి హావ్ తీసేసేది. దెబ్బ తగిలింది అక్కడే.

ఒక బుధవారం సాయంత్రం నుంచి స్టాక్ ఫైళ్లు క్లయింట్ సర్వర్‌కు వెళ్లడం ఆగిపోయింది. గురువారం ఉదయానికి కూడా బాగు కాలేదు. వాళ్ల ఆఫీసు తెరిచేలోపు తెలియజేయాలని మెయిల్ మొదలుపెట్టాను. మొదట టైప్ చేసింది ‘ద ఫైల్ ట్రాన్స్‌ఫర్ హాజ్ బీన్ డౌన్ సిన్స్ యెస్టర్‌డే ఈవెనింగ్’. యెస్టర్‌డే మీద కన్ను పడింది. హాజ్ బీన్ తీసేసి వాజ్ పెట్టాను. దాని కిందే ‘వి ఫౌండ్ ద కాజ్ దిస్ మార్నింగ్’ అని ఇంకో వాక్యం. పంపేశాను.

అవతల మెయిల్ చదివిన ఆవిడకు అర్థమైంది ఇది: నిన్న సాయంత్రం ఆగింది, పొద్దున కారణం దొరికింది, ఇప్పుడు నడుస్తోంది. వాజ్ డౌన్ అంటే ఆ పరిస్థితి ముగిసిందనే కదా. ఆవిడ ఆగకుండా నెలాఖరు స్టాక్ రిపోర్ట్ నడిపించారు. అందులో ఉన్నది బుధవారం మధ్యాహ్నపు సరుకు లెక్క. ఆ అంకెలు పైవాళ్లకు వెళ్లాక తేడా బయటపడింది. మధ్యాహ్నం కాల్‌లో ఆవిడ గొంతు పెంచలేదు. ‘మీ మెయిల్లో వాజ్ అని ఉంది, అందుకే బాగైందనుకున్నాను’ అన్నారు, అంతే. రిపోర్ట్ మళ్లీ తీయడానికి వాళ్లకు సగం రోజు పట్టింది. నేను మొదట టైప్ చేసిన వాక్యమే పంపి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

ఆ సాయంత్రం మేడం చూపించాక తెలిసింది. సిన్స్ యెస్టర్‌డే అంటే నిన్నటి రోజు కాదు, నిన్న మొదలై ఇప్పటిదాకా సాగిన కాలం. అది ఇప్పటిని తాకుతోంది కాబట్టి హాజ్ బీన్ ఉండి తీరాలి. అలాగే లాస్ట్ వీక్ అంటే ముగిసిన వారం, ‘ఇన్ ద లాస్ట్ వీక్’ అంటే ఇవాళ్టి వరకు గడిచిన ఏడు రోజులు. ‘వి ఫిక్స్‌డ్ సిక్స్ ఇష్యూస్ లాస్ట్ వీక్’ ఎంత సరైనదో, ‘వి హావ్ ఫిక్స్‌డ్ సిక్స్ ఇష్యూస్ ఇన్ ద లాస్ట్ వీక్’ అంతే సరైనది.

కాబట్టి పైన సూత్రాన్ని పొగిడిన మాట కొంచెం సవరించుకోవాలి. చూడాల్సింది యెస్టర్‌డే ఉందా లేదా అని కాదు, అది ఏ మాటను పట్టుకుని ఉందని. ‘ఐ హావ్ రెడ్ ద మెయిల్ యు సెంట్ యెస్టర్‌డే’లో యెస్టర్‌డే పట్టుకున్నది సెంట్‌ను. చదవడం ఎప్పుడు జరిగిందో వాక్యం చెప్పలేదు, హావ్ ఉండొచ్చు. ‘వి హావ్ మిస్‌డ్ ఫ్రైడేస్ డెడ్‌లైన్’లో ఫ్రైడేస్ పట్టుకున్నది డెడ్‌లైన్‌ను. అది గడువు పేరులో భాగం, తప్పిపోయిన సమయం కాదు. అదే ‘వి హావ్ మిస్‌డ్ ద డెడ్‌లైన్ ఆన్ ఫ్రైడే’ అని రాస్తే ఫ్రైడే వచ్చి క్రియకు తగులుకుంటుంది, అప్పుడు హావ్ తీసేయాలి. నేను పరీక్షించేది ఇలా: వాక్యాన్ని ‘ఎప్పుడు?’ అని అడుగుతాను. ఎప్పుడు చదివావు అంటే ఆ వాక్యంలో జవాబు లేదు, హావ్ ఉంచుతాను. ‘ఐ హావ్ సెంట్ ద రిపోర్ట్ యెస్టర్‌డే’ని ఎప్పుడు పంపావు అంటే నిన్న అని జవాబు వస్తుంది, తీసేస్తాను.

గడువు దాటిన వాటి గురించి గుర్తుచేసే మెయిళ్లలో ఈ తేడా బాగా పనికొస్తుంది. పోయిన శుక్రవారం రావాల్సిన ఇన్వాయిస్ ఇంకా రాలేదనుకోండి. ‘వి డిడ్ నాట్ రిసీవ్ ద ఇన్వాయిస్ లాస్ట్ ఫ్రైడే’ అంటే ఆ రోజు రాలేదు, అంతవరకే. సోమవారం వచ్చి ఉండొచ్చు కూడా. నేను రెండుగా విడదీస్తాను: ‘ద ఇన్వాయిస్ వాజ్ డ్యూ లాస్ట్ ఫ్రైడే. వి హావ్ నాట్ రిసీవ్డ్ ఇట్ యెట్.’ గడువు గతానికి వెళ్లింది, లోటు ఇప్పటికీ ఉంది. తెలుగులో ‘రాలేదు’ ఈ రెండింటినీ మోస్తుంది, అందుకే మనకు తేడా వెంటనే తట్టదు. బై లాస్ట్ ఫ్రైడే అని రాయాల్సి వస్తే హావ్ కాకుండా హాడ్ పెడతాను: ‘బై లాస్ట్ ఫ్రైడే వి హాడ్ టెస్టెడ్ ఫోర్ మాడ్యూల్స్.’

దిస్ మార్నింగ్ దగ్గర మాత్రం ఇంకా ఆగి ఆలోచిస్తాను. ఉదయం పదకొండుకు రాస్తే హావ్ ఉండొచ్చు, సాయంత్రం నాలుగుకు రాస్తే ఉదయం ముగిసింది కాబట్టి సింపుల్ పాస్ట్. అయితే ఇక్కడ సాయంత్రం నాలుగంటే అక్కడ ఇంకా ఉదయమే. ఎటూ తప్పు పట్టరని సింపుల్ పాస్టే రాస్తున్నాను.

నా పని బ్రిటన్ వాళ్లతో కాబట్టి ఈ పట్టింపు నాకు కలిసొచ్చింది. మా పక్క టీమ్ అమెరికా వాళ్లకు రాస్తుంది. అక్కడ ‘డిడ్ యు సెండ్ ఇట్ యెట్’ అని క్లయింటే అడుగుతాడు, యెట్, ఆల్రెడీ పక్కన కూడా సింపుల్ పాస్ట్ నడిచిపోతుంది. యెస్టర్‌డేతో హావ్ మాత్రం వాళ్లకూ కుదరదు. ఇక మా ఆఫీసులో మాలో మేము ‘హావ్ సెంట్ యెస్టర్‌డే’ అనే రాసుకుంటాం, ఎవరికీ అర్థం తేడా రాదు. కొత్తగా చేరినవాళ్లకు నేనూ మేడం సూత్రమే చెబుతున్నాను, కానీ సిన్స్ ఉంటే ముట్టుకోవద్దని ముందే చెప్పి.